జిప్ తెరుచుకోకపోతే తప్పు పాస్‌వర్డ్‌దా, ఫైల్‌దా?

పాస్‌వర్డ్ పెట్టిన జిప్ ఫైల్ ఒకటి వస్తుంది. పాస్‌వర్డ్ విడిగా మెసేజ్‌లో వస్తుంది. దాన్ని కాపీ చేసి పెట్టి ఎక్స్‌ట్రాక్ట్ నొక్కితే కొంత దూరం నడిచి ఆగిపోతుంది. స్క్రీన్ మీద ఈ వరుస మిగులుతుంది.

```
ERROR: Data Error in encrypted file. Wrong password? : scan.tif
```

ఇక్కడి నుంచి వాదన మొదలవుతుంది. పంపినవాళ్లు పాస్‌వర్డ్ అదేనంటారు. అందుకున్నవాళ్లు అది పనిచేయడం లేదంటారు. పాస్‌వర్డ్ మళ్లీ టైప్ చేస్తారు, చిన్న అక్షరాలు పెద్దవి చేసి చూస్తారు, పాత పాస్‌వర్డ్‌లు ఒక్కొక్కటే ప్రయత్నిస్తారు. ఆ అవసరమే లేకపోవచ్చు. జిప్‌లు తెరిచే 7-జిప్ అనే ప్రోగ్రామ్ చూపించే ఆ వరుసలో గమనించాల్సింది `Wrong password` పక్కన ఉన్న ప్రశ్నార్థకం. పాస్‌వర్డ్ తప్పని ప్రోగ్రామ్ చెప్పడం లేదు, తప్పేమో చూసుకోమని అడుగుతోంది. డేటా పాడైందా, పాస్‌వర్డ్ తప్పా అన్నది ఆ చోట దానికి నిజంగానే తెలియదు. కానీ దానికి తెలియనిది చాలాసార్లు మనం తేల్చుకోగలం. జిప్ ఫైల్ తెరుచుకునేటప్పుడు లోపల ఏది ముందు, ఏది తర్వాత జరుగుతుందో తెలిస్తే చాలు.

పాస్‌వర్డ్ అవసరం లేని భాగం

జిప్ పద్ధతిని 1989లో ఫిల్ కాట్జ్ తీసుకొచ్చాడు. ప్రతి జిప్ ఫైల్ మొదట్లో కనిపించే `PK` అన్న రెండు అక్షరాలు ఆయన పేరులోవే. లోపలి అమరిక మొదటి నుంచీ దాదాపు ఒకేలా ఉంది. ఒక్కో ఫైల్‌కి ముందు ఒక చిన్న హెడర్, దాని వెనుక కుదించిన డేటా, ఇలా ఒకదాని తర్వాత ఒకటి ఉంటాయి. అన్నీ అయ్యాక జిప్ చివర్లో ఒక జాబితా ఉంటుంది. ఏ ఫైల్ పేరేమిటి, అసలు సైజు ఎంత, కుదించాక ఎంత, ఎక్కడ మొదలవుతుంది అన్నవన్నీ అందులో ఉంటాయి. ఆ జాబితా ఎక్కడుందో చెప్పే 22 బైట్ల ముగింపు గుర్తు అన్నిటికంటే చివర్న ఉంటుంది. జిప్‌కి ఎవరైనా కామెంట్ జోడించి ఉంటే మాత్రం ఆ ముగింపు అంతమేర పొడవవుతుంది.

ప్రోగ్రామ్ జిప్‌ని వెనుక నుంచి చదవడం మొదలుపెడుతుంది. ముందు ముగింపు గుర్తు వెతుకుతుంది, దాన్ని పట్టుకుని జాబితాకి వెళ్తుంది, జాబితా చూసి ఫైళ్ల దగ్గరికి వెళ్తుంది. మామూలుగా చేసిన జిప్‌లలో ఈ జాబితాకి పాస్‌వర్డ్ రక్షణ ఉండదు. లోపలి డేటాకి తాళం ఉన్నా ఫైళ్ల పేర్లు, సైజులు ఎవరికైనా కనిపిస్తాయి. గోప్యత కోరుకునేవాళ్లకి ఇది లోపమే. తప్పెక్కడుందో వెతికేవాళ్లకి మాత్రం ఇది పెద్ద సాయం.

ఎలాగంటే, పాస్‌వర్డ్ ఇవ్వకుండా ముందు జాబితా ఒక్కటే అడిగి చూడవచ్చు.

```
7z l -slt nivedika.zip
```

పేర్లు, సైజులు సరిగ్గా వస్తే జిప్ చివరి భాగం బాగానే ఉంది. జాబితా కూడా రాకపోతే పాస్‌వర్డ్ గురించి ఆలోచించడం అనవసరం, ఎందుకంటే ప్రోగ్రామ్ ఇంకా పాస్‌వర్డ్ దాకా వెళ్లనే లేదు. లినక్స్‌లో జిప్‌లు తెరిచే `unzip` అయితే ఇలాంటప్పుడు `End-of-central-directory signature not found` అంటుంది. విండోస్ ఎక్స్‌ప్లోరర్ ఆ కంప్రెస్డ్ ఫోల్డర్ చెల్లదని చెప్పి ఊరుకుంటుంది. 7-జిప్ పద్ధతి కొంచెం వేరు. చివరి జాబితా దొరకకపోతే అది మొదటి నుంచి హెడర్లు వెతుక్కుంటూ వచ్చి దొరికిన పేర్లు చూపించి, `Unexpected end of archive` అని హెచ్చరిస్తుంది. పేర్లు కనిపించాయి కదా అని ఆ హెచ్చరికను వదిలేయకూడదు.

చివర లేకపోవడానికి ఎక్కువసార్లు కారణం డౌన్‌లోడ్ మధ్యలో తెగిపోవడమే. ఫైల్ పేరు సరిగ్గా ఉంటుంది, ఐకాన్ సరిగ్గా ఉంటుంది, తోక ఉండదు. అందుకే సైజును కేబీలలోనో ఎంబీలలోనో కాకుండా బైట్లలో పోల్చాలి. 46 ఎంబీ అని రెండు వైపులా కనిపించినా చివరి కొన్ని వేల బైట్లు లేకపోవచ్చు, జాబితా ఉండేది సరిగ్గా ఆ కొన్ని వేల బైట్లలోనే. పెద్ద జిప్‌ల విషయంలో ఇంకో సంగతి ఉంది. ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో ఒక ఫైల్ 4,29,49,67,295 బైట్లు దాటి ఉండలేదు. కాపీ చేసిన జిప్ సరిగ్గా ఆ సంఖ్య దగ్గర ఆగి ఉంటే ఇంకేమీ వెతకనక్కర్లేదు.

కొన్నిసార్లు వచ్చింది అసలు జిప్పే కాదు. లింక్ గడువు అయిపోయి, సర్వర్ పంపిన ఎర్రర్ పేజీ `.zip` పేరుతో సేవ్ అవుతుంది. సైజు కొన్ని కేబీలే ఉంటే దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడాలి. మొదట్లో `PK` ఉందా, `<!DOCTYPE` ఉందా అన్నది చూడగానే తెలిసిపోతుంది.

తలుపు దగ్గర జరిగేది

జాబితా బాగుందనుకుందాం. ఇప్పుడు పాస్‌వర్డ్ వంతు. చాలామంది అనుకునేదేమిటంటే, అసలు పాస్‌వర్డ్ జిప్‌లో ఎక్కడో దాచి ఉంటుంది, మనం ఇచ్చినదాన్ని ప్రోగ్రామ్ దానితో పోల్చి చూస్తుంది అని. అలా జరగదు. పాస్‌వర్డ్ జిప్‌లో ఏ రూపంలోనూ ఉండదు. మనం ఇచ్చిన అక్షరాలతో ప్రోగ్రామ్ ఒక తాళంచెవి తయారుచేసుకుని, దానితో డేటాని విప్పుకుంటూ పోతుంది. తప్పు తాళంచెవితో విప్పినా ఏదో ఒకటి బయటికి వస్తుంది, కాకపోతే అది చెత్త. ఆ చెత్తని ఎంత త్వరగా గుర్తుపట్టగలదన్నదే అసలు ప్రశ్న.

త్వరగా గుర్తుపట్టడానికి తలుపు దగ్గరే ఒక చిన్న పరీక్ష ఉంటుంది. పాత ఎన్‌క్రిప్షన్‌లో, అంటే జాబితాలో `ZipCrypto` అని కనిపించే పద్ధతిలో, ఒక్కో ఫైల్ డేటాకి ముందు 12 బైట్లు అదనంగా ఉంటాయి. అందులో మొదటివి యాదృచ్ఛికంగా వేసిన బైట్లు. చివరి బైట్ మాత్రం ముందే తెలిసిన ఒక విలువ. పాస్‌వర్డ్‌తో ఆ 12 బైట్లు విప్పితే చివర ఆ విలువే రావాలి. రాకపోతే ప్రోగ్రామ్ అక్కడే ఆపేసి పాస్‌వర్డ్ తప్పని చెబుతుంది. ఈసారి ప్రశ్నార్థకం ఉండదు.

పరీక్ష ఒక్క బైట్‌దే అన్నది గుర్తుపెట్టుకోవాలి. ఒక బైట్‌కి 256 విలువలు సాధ్యం. కాబట్టి తప్పు పాస్‌వర్డ్ కూడా సగటున 256లో ఒకసారి పొరపాటున తలుపు దాటేస్తుంది. కొత్త ఏఈఎస్ పద్ధతిలో ఈ పరీక్ష 2 బైట్లది, అక్కడ పొరపాటు 65,536లో ఒకసారికి తగ్గుతుంది.

తలుపు దాటాక డేటా విప్పడం, కుదింపు తీసి అసలు రూపానికి తేవడం జరుగుతాయి. అంతా అయ్యాక చివరి పరీక్ష ఉంటుంది. జిప్ చేసిన రోజునే అసలు ఫైల్‌లోని డేటా మొత్తం మీద సీఆర్‌సీ అనే 32 బిట్ల లెక్క ఒకటి కట్టి రాసి ఉంటుంది. ఇప్పుడు బయటికొచ్చిన డేటా మీద అదే లెక్క మళ్లీ కట్టి రెండూ పోలుస్తారు. చెత్త డేటాకి ఈ లెక్క అనుకోకుండా కుదిరే అవకాశం దాదాపు 429 కోట్లలో ఒకటి, అంటే లేనట్టే. ఏఈఎస్‌లో అయితే ప్రతి ఫైల్ చివర 10 బైట్ల ధ్రువీకరణ కోడ్ ఉంటుంది. అక్కడ సీఆర్‌సీ చేయాల్సిన పనిని అది ఇంకా గట్టిగా చేస్తుంది.

ఇప్పుడు మొదట్లోని ఆ వరుసకి అర్థం దొరుకుతుంది. తలుపు దగ్గర ఆగి ఉంటే 7-జిప్ ఇలా చెప్పేది.

```
ERROR: Wrong password : scan.tif
```

అలా కాకుండా `Data Error in encrypted file` అనో, `CRC Failed in encrypted file` అనో వచ్చిందంటే పాస్‌వర్డ్ తలుపు దాటింది, లోపల ఏదో కుదరలేదు. లోపల కుదరకపోవడానికి రెండే దారులు. డేటా చెడిపోయి ఉండాలి, లేదా 256లో ఒకసారి జరిగే ఆ పొరపాటు జరిగి ఉండాలి. ఈ రెంటిలో ఏదో ప్రోగ్రామ్ చెప్పలేదు కాబట్టే ఆ ప్రశ్నార్థకం. `unzip` కూడా ఇదే నిజాయితీ చూపిస్తుంది. తలుపు దగ్గర ఆగితే `incorrect password` అంటుంది. లోపల చెడితే `bad CRC` అనో `invalid compressed data to inflate` అనో చెప్పి, పక్కన `may instead be incorrect password` అని చేరుస్తుంది.

కావాలని తప్పు పాస్‌వర్డ్ ఇవ్వడం

ఇక్కడ ఒక చిన్న పరీక్ష చేయవచ్చు. దీనికి ఏ ప్రత్యేక సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు, అయినా ఎందుకో దీన్ని చేసేవాళ్లు తక్కువ. జిప్‌కి కావాలని నాలుగైదు తప్పుడు పాస్‌వర్డ్‌లు ఇచ్చి చూడాలి. నోటికొచ్చిన అక్షరాలు చాలు. ఎక్స్‌ట్రాక్ట్ చేయకుండా పరీక్ష మాత్రమే చేసే ఆదేశం ఇది.

```
7z t nivedika.zip
```

పాస్‌వర్డ్ అడిగినప్పుడు ఏదో ఒకటి టైప్ చేయాలి. ఆ తప్పుడు పాస్‌వర్డ్‌లన్నిటికీ వెంటనే `Wrong password` వచ్చి, పంపినవాళ్లు ఇచ్చినదానికి మాత్రం `Data Error` వస్తే ఆ రెంటికీ మధ్య తేడా స్పష్టంగా కనిపించినట్టే. తప్పుడువి తలుపు దగ్గరే ఆగుతున్నాయి, ఇది లోపలికి వెళ్తోంది. అంటే పాస్‌వర్డ్ చాలావరకు సరైనదే, చెడింది డేటా. అలాకాక పంపినవాళ్ల పాస్‌వర్డ్‌కీ, నోటికొచ్చినవాటికీ ఒకే మెసేజ్ ఒకే వేగంతో వస్తే అనుమానం పాస్‌వర్డ్ మీదికి వెళ్లాలి.

ఈ తర్కానికి ఒక హద్దు ఉంది. చేతిలో ఉన్నది ఎవరో చెప్పిన ఒక్క పాస్‌వర్డ్ అయితే అది అనుకోకుండా తలుపు దాటే అవకాశం 256లో ఒకటే, కాబట్టి నమ్మవచ్చు. కానీ పాస్‌వర్డ్ మర్చిపోయి పాతవన్నీ వరుసగా ప్రయత్నిస్తున్నప్పుడు లెక్క మారుతుంది. 500 పాస్‌వర్డ్‌లు ప్రయత్నిస్తే అందులో ఒకటో రెండో తప్పువే అయినా తలుపు దాటతాయి. దాటి లోపల చెడతాయి. అప్పుడు "ఇదే పాస్‌వర్డ్, ఫైలే పాడైంది" అని తేల్చేసుకుని వెతకడం ఆపేస్తే అసలు పాస్‌వర్డ్ ఎప్పటికీ దొరకదు. ఫైల్ బాగానే ఉన్నా పోయిందనుకుని వదిలేయడం ఇలా జరుగుతుంది.

జిప్‌లో ఒకటి కంటే ఎక్కువ ఫైళ్లు ఉంటే ఈ అనుమానం త్వరగా తీరుతుంది. 12 బైట్ల పరీక్ష ఒక్కో ఫైల్‌కి విడివిడిగా ఉంటుంది. తప్పు పాస్‌వర్డ్ ఒక ఫైల్‌లో పొరపాటున దాటినా రెండోదానిలో కూడా దాటడానికి 65,536లో ఒక అవకాశం, మూడోదానిలోనూ దాటడమంటే దాదాపు కోటీ 68 లక్షల్లో ఒకటి. కాబట్టి చూడాల్సింది ఎన్ని ఫైళ్లు తలుపు దాటాయి, ఎన్ని చివరిదాకా సరిగ్గా వచ్చాయి అన్నది. ఒక్క ఫైల్ అయినా సీఆర్‌సీ సరిపోయి పూర్తిగా బయటికి వచ్చిందంటే ఆ ఫైల్‌కి పాస్‌వర్డ్ సరైనదే. ఒక జిప్‌లో వేర్వేరు ఫైళ్లకి వేర్వేరు పాస్‌వర్డ్‌లు పెట్టడం సాధ్యమే. తర్వాత ఎప్పుడో ఫైళ్లు జోడించినప్పుడు అలా జరుగుతుంది కూడా. అయితే అలాంటి ఫైళ్లు తలుపు దగ్గరే ఆగుతాయి కాబట్టి వాటిని పాడైనవాటితో కలిపి పొరబడనక్కర్లేదు.

ఒక ఉదాహరణ, మొదటి నుంచి చివరిదాకా

మొదట్లో చెప్పిన `nivedika.zip`నే తీసుకుందాం. జాబితా అడిగితే మూడు ఫైళ్లు కనిపించాయి. `report.pdf`, `data.csv`, `scan.tif`. మూడింటికీ `Encrypted = +` అని, పద్ధతి దగ్గర `ZipCrypto Deflate` అని ఉంది. హెచ్చరికలేమీ లేవు. అంటే జిప్ చివర బాగుంది, ఫైల్ తెగిపోలేదు.

తర్వాత పాస్‌వర్డ్ ఇచ్చి పరీక్షించారు. మొదటి రెండు ఫైళ్లూ ఏ ఎర్రరూ లేకుండా పూర్తయ్యాయి. మూడోదాని దగ్గర మాత్రం `Data Error in encrypted file. Wrong password?` వచ్చింది. ఈ చోటికి వచ్చాక పాస్‌వర్డ్ గురించి ఇక అడగాల్సింది లేదు. రెండు ఫైళ్ల సీఆర్‌సీ సరిపోయింది, మూడోది తలుపు దాటింది. మెసేజ్‌లో ఆ ప్రశ్న ఉన్నంతమాత్రాన పంపినవాళ్లని మళ్లీ పాస్‌వర్డ్ అడగడం సమయం వృథా. చెడింది `scan.tif` తాలూకు డేటా.

ఇక ఎక్కడ చెడిందన్నది తేలాలి. రెండు వైపులా బైట్లలో సైజు చూస్తే ఒక్కటే, 4,82,19,306. సైజు ఒకటే కాబట్టి తెగిపోవడం కాదు, మధ్యలో ఏవో బైట్లు మారాయి. ఇలాంటప్పుడు జిప్ ఫైల్ మొత్తం మీద షా-256 లెక్క కట్టి పోల్చాలి. ఒక్క బిట్ తేడా ఉన్నా ఈ లెక్క పూర్తిగా వేరుగా వస్తుంది. విండోస్‌లో, లినక్స్‌లో దీనికి వాడే ఆదేశాలు వరుసగా ఇవి.

```
certutil -hashfile nivedika.zip SHA256
sha256sum nivedika.zip
```

పంపినవాళ్ల దగ్గరి లెక్క ఒకటి, అందుకున్నవాళ్ల దగ్గరిది ఇంకొకటి వచ్చింది. అంటే ప్రయాణంలోనే చెడింది. జిప్‌ని మెయిల్ నుంచి ఒక కంప్యూటర్‌లోకి దించి, అక్కడి నుంచి పెన్‌డ్రైవ్‌లో ఇంకో కంప్యూటర్‌కి తీసుకెళ్లారు. మొదటి కంప్యూటర్‌లో ఉన్న కాపీకి లెక్క కడితే పంపినవాళ్లదానితో సరిపోయింది. కాబట్టి తప్పు పెన్‌డ్రైవ్ దగ్గర. జిప్‌ని వేరే దారిలో మళ్లీ తెచ్చుకుంటే అదే పాస్‌వర్డ్‌తో మూడు ఫైళ్లూ తెరుచుకున్నాయి. ఆ పెన్‌డ్రైవ్‌లో ఉన్న మిగతా ఫైళ్లని కూడా నమ్మకూడదు. వాటిలో చాలావాటికి సీఆర్‌సీ లాంటి కాపలా లేదు కాబట్టి పాడైనా ఎవరూ చెప్పరు.

రెండు లెక్కలూ ఒకటే వచ్చి ఉంటే కథ వేరు. అప్పుడు ఫైల్ దారిలో చెడలేదు, పంపినవాళ్ల దగ్గర ఉన్న జిప్పే చెడ్డది. ఎన్నిసార్లు డౌన్‌లోడ్ చేసినా అదే వస్తుంది. పంపినవాళ్లు అసలు ఫైల్ నుంచి జిప్ మళ్లీ చేయడమే దారి.

పాస్‌వర్డ్ నిజంగానే తప్పయినప్పుడు

అన్ని ఫైళ్లూ తలుపు దగ్గరే ఆగితే తప్పు దాదాపు ఎప్పుడూ పాస్‌వర్డ్‌దే. కానీ చెప్పినవాళ్లు తప్పు చెప్పారని కాదు. చెప్పినదానికీ ప్రోగ్రామ్‌కి చేరినదానికీ మధ్య తేడా వచ్చి ఉండవచ్చు. మెసేజ్ నుంచి కాపీ చేసేటప్పుడు చివర ఒక ఖాళీ స్పేస్ అంటుకుని వస్తుంది. పాస్‌వర్డ్ పెట్టెలో అంతా చుక్కలే కనిపిస్తాయి కాబట్టి అది కంటికి దొరకదు. ఫోన్ కీబోర్డ్ మొదటి అక్షరాన్ని తనంతట తాను పెద్దది చేస్తుంది, నిటారు కోట్ గుర్తును వంకర గుర్తుగా మారుస్తుంది. పాస్‌వర్డ్‌ని ముందు నోట్‌ప్యాడ్‌లో అతికించి, అక్షరాలు లెక్కపెట్టి, అక్కడి నుంచి కాపీ చేస్తే ఇవన్నీ బయటపడతాయి.

కమాండ్ లైన్‌లో ఇంకో చిక్కు ఉంది. పాస్‌వర్డ్‌లో `$` గానీ `!` గానీ ఉండి, దాన్ని ఆదేశంలోనే డబుల్ కోట్ల మధ్య రాస్తే, లినక్స్ షెల్ ఆ గుర్తులను తన సొంత అర్థంలో తీసుకుని పాస్‌వర్డ్‌ని మార్చేస్తుంది. పాస్‌వర్డ్‌ని ఆదేశంలో రాయకుండా, ప్రోగ్రామ్ అడిగినప్పుడే టైప్ చేస్తే ఈ గొడవ ఉండదు.

ఇంగ్లిష్ అక్షరాలు కాకుండా వేరే లిపి అక్షరాలతోనో, యాస గుర్తులున్న అక్షరాలతోనో పెట్టిన పాస్‌వర్డ్‌ల బాధ వేరు. తాళంచెవి తయారయ్యేది అక్షరాల నుంచి కాదు, వాటి బైట్ల నుంచి. ఒకే అక్షరాన్ని ఒక ప్రోగ్రామ్ యూటీఎఫ్-8లో బైట్లుగా మారిస్తే, ఇంకొకటి ఆ కంప్యూటర్‌లోని కోడ్ పేజీ అనే పాత అక్షరాల పట్టిక ప్రకారం మారుస్తుంది. మనిషి సరైన పాస్‌వర్డే టైప్ చేశాడు, అయినా తాళంచెవి వేరు. అలాంటి జిప్‌ని ఏ ప్రోగ్రామ్‌తో చేశారో కనుక్కుని, దానితోనే తెరిచి చూడాలి.

రెండూ కానప్పుడు

ఫైల్ బాగుండి, పాస్‌వర్డ్ సరైనదై, అయినా తెరుచుకోని సందర్భం ఒకటి ఉంది. తెరిచే ప్రోగ్రామ్‌కి ఆ ఎన్‌క్రిప్షన్ తెలియకపోవడం. విండోస్ ఎక్స్‌ప్లోరర్ జిప్‌క్రిప్టోని తెరుస్తుంది కానీ ఏఈఎస్ పెట్టిన జిప్ దగ్గర తరచుగా `0x80004005` అనే అర్థంకాని ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. అది చూసినవాళ్లు ఫైల్ పాడైందనుకోవడంలో ఆశ్చర్యం లేదు. `unzip` కొంచెం నయం, `need PK compat. v5.1 (can do v4.6)` అంటుంది. ఇంత కొత్త పద్ధతి తనకు రాదని దాని అర్థం. జాబితాలో పద్ధతి దగ్గర `AES-256` అని ఉంటే వాదనకి దిగేముందు 7-జిప్ లాంటి దానితో తెరిచి చూడాలి. చాలాసార్లు గొడవ అక్కడితో తీరిపోతుంది.

పాడైన జిప్‌లో మిగిలేది

ఇంకో కాపీ ఎక్కడా లేనప్పుడు రిపేర్ గురించి ఆలోచించాలి. ఇక్కడ ఆశ ఎంతవరకు పెట్టుకోవచ్చో తెలిసి ఉండటం మంచిది. జిప్‌లో పోయిన బైట్లని తిరిగి పుట్టించే సమాచారమేదీ ఉండదు. సీఆర్‌సీ చెడిందని మాత్రమే చెబుతుంది, ఏది ఎలా ఉండేదో చెప్పదు. రిపేర్ చేసే ప్రోగ్రామ్‌లు నిజానికి చేసేది ఫైళ్ల హెడర్లు వెతికి చివరి జాబితాని మళ్లీ కట్టడం.

```
zip -FF padaina.zip --out kottadi.zip
```

తోక తెగిన జిప్‌కి ఇది బాగా పనిచేస్తుంది. తెగిన చోటికి ముందున్న ఫైళ్లన్నీ బయటపడవచ్చు. ఆ ఫైళ్లకి తాళం తీయకుండానే ఈ పని జరుగుతుంది కాబట్టి పాస్‌వర్డ్ ఆ తర్వాత అవసరమవుతుంది. `scan.tif` లాగా మధ్యలో చెడిన ఫైల్‌కి మాత్రం దీనివల్ల ఉపయోగం లేదు.

అలాంటి ఫైల్‌లో ఎంత దక్కుతుందన్నది ఎన్‌క్రిప్షన్ మీద కూడా ఆధారపడుతుంది. జిప్‌క్రిప్టోలో ఒక బైట్‌ని విప్పే విధానం అంతకుముందు బయటికొచ్చిన బైట్ల మీద ఆధారపడి ఉంటుంది. అందువల్ల ఒక్క బైట్ చెడినా అక్కడి నుంచి చివరిదాకా అంతా చెత్తగా మారుతుంది. ఏఈఎస్‌లో జిప్ వాడే పద్ధతిలో ఆ చెడు అలా పాకదు, చెడిన బైట్ ఒక్కటే చెడుగా బయటికి వస్తుంది. కానీ దాని వెనుక కుదింపు ఉంటుంది. కుదించిన డేటాలో ఒక బైట్ మారితే ఆ తర్వాతి భాగం చదవడం దారి తప్పుతుంది. రెండు సందర్భాల్లోనూ నమ్మదగినది చెడిన చోటికి ముందున్న భాగమే. ప్రోగ్రామ్ బయటికి తీసిన అసంపూర్ణ ఫైల్ డిస్క్ మీద మిగిలి ఉంటే దాన్ని తొందరపడి చెరిపేయకూడదు. `data.csv` లాంటి టెక్స్ట్ ఫైల్ అయితే చెడిన వరుస దాకా అన్నీ చదువుకోవచ్చు. ఆ అసంపూర్ణ ఫైల్ ఇంకో విషయం కూడా చెబుతుంది. మొదటి కొన్ని వేల బైట్లు అర్థవంతంగా ఉండి తర్వాత చెత్తయితే పాస్‌వర్డ్ సరైనదే. తప్పు పాస్‌వర్డ్ అయితే మొదటి బైట్ నుంచే అర్థం ఉండదు. అలాంటప్పుడు కుదింపు తీసే పని సాధారణంగా మొదట్లోనే విఫలమవుతుంది, ఫైల్ ఖాళీగానో దాదాపు ఖాళీగానో మిగులుతుంది.

ఈ పరీక్షలన్నిటికీ దొరకని చోటు ఒకటుంది. జిప్‌లో ఒకే ఫైల్ ఉండి, చెడు సరిగ్గా ఆ మొదటి 12 బైట్లలో పడితే, సరైన పాస్‌వర్డ్ కూడా తలుపు దగ్గర ఆగిపోవచ్చు. ఏఈఎస్‌లో అయితే తాళంచెవి తయారీకి వాడే సాల్ట్ అనే యాదృచ్ఛిక బైట్లు, పరీక్షకి వాడే ఆ 2 బైట్లు చెడినా ఇదే జరుగుతుంది. ప్రోగ్రామ్ ఏ ప్రశ్నార్థకమూ లేకుండా పాస్‌వర్డ్ తప్పని చెబుతుంది, అది నిజం కాదు. కోట్ల బైట్ల ఫైల్‌లో చెడు ఆ కాసిని బైట్ల మీదే పడటం చాలా అరుదు. అయినా పాస్‌వర్డ్ గురించి రెండు వైపులా పూర్తి నమ్మకం ఉండి కూడా తలుపు దగ్గరే ఆగుతుంటే, పంపినవాళ్లని మూడు విషయాలు అడగాలి. వాళ్ల దగ్గరి జిప్ సైజు బైట్లలో ఎంత, దాని షా-256 లెక్క ఏమిటి, అదే పాస్‌వర్డ్‌ని మెసేజ్ నుంచి కాపీ చేసి పెడితే ఆ జిప్ వాళ్ల కంప్యూటర్‌లో తెరుచుకుంటోందా. మూడోదానికి వాళ్లు గుర్తున్నది చెప్పకుండా, నిజంగా ఒకసారి తెరిచి చూసి చెప్పాలి.